గేటు, కిటికీ గ్రిల్స్‌కి రస్ట్ కన్వర్టరా, రెడ్ ఆక్సైడా, ఎనామెలా? చోటు చూసి తేల్చుకునే పద్ధతి

గేటుకి మళ్లీ రంగు వేయాలనుకోగానే పెయింట్ షాపుకి బయలుదేరకండి. ముందు గేటు దగ్గరికి వెళ్లి, ఊడుతున్న చోట గోరు పెట్టి ఒక పెచ్చు తీయండి. దాన్ని వెనక్కి తిప్పి ఎండలో చూడండి. ఏం కొనాలో సగం ఆ పెచ్చే చెబుతుంది.

మా ఇల్లు కాకినాడలో, సముద్రానికి రెండు కిలోమీటర్లలోపే. మూడేళ్ల కిందట దీపావళి ముందు గేటుకీ ఆరు కిటికీ గ్రిల్స్‌కీ రంగు వేయించాం. పండక్కి అన్నీ అద్దంలా మెరిశాయి. మరుసటి వానాకాలం వచ్చేసరికి చువ్వల జాయింట్ల దగ్గర నుంచి గోధుమరంగు చారలు గోడ మీదికి కారడం మొదలైంది. ఒక పెచ్చు తీసి చూశాను. పైన ఎనామెల్, దాని కింద ఎర్రటి ప్రైమర్, ప్రైమర్ వెనకాల అంటుకుని తుప్పు పొడి. పెయింటూ ప్రైమరూ రెండూ మంచివే. కానీ అవి పట్టుకున్నది ఇనుమును కాదు, ఇనుము మీద వదులుగా ఉన్న తుప్పును. తుప్పు కదిలింది, దాంతోపాటు అవీ ఊడొచ్చాయి.

## పెచ్చు వెనక ఏముంది?

పెచ్చు వెనక గోధుమరంగు పొడి ఉంటే, పాతసారి తుప్పు గీకకుండానే రంగు వేశారని అర్థం. మా ఇంట్లో జరిగింది ఇదే. ఎక్కువ ఇళ్లలో కనిపించేదీ ఇదే.

పెచ్చు వెనక శుభ్రంగా ఎనామెల్ రంగే ఉండి, గేటు మీద ఎర్ర ప్రైమర్ అలాగే నిలిచి ఉంటే సమస్య వేరు. ప్రైమర్ వేసి నెలల తరబడి ఎండకి వదిలేశారు, అది పైపైన పొడిబారింది, ఆ పొడి మీద ఎనామెల్ వేశారు. కొత్త ఇళ్లలో ఇది మామూలు. వెల్డింగ్ షాపువాళ్లు గ్రిల్‌కి పల్చగా ఒక చెయ్యి రెడ్ ఆక్సైడ్ కొట్టి పంపిస్తారు. ఇల్లు పూర్తయ్యేదాకా అది ఎండా వానా తింటూ అలాగే ఉంటుంది. ఎర్రగా కనిపిస్తోంది కదా, ప్రైమర్ ఉంది అనుకుంటాం. తెల్ల బట్టతో రుద్ది చూడండి. బట్ట ఎర్రబడితే ఆ ప్రైమర్ లేనట్టే లెక్క.

మూడో రకం, పెచ్చు ప్లాస్టిక్ కాగితంలా పెద్ద పెద్ద ముక్కలుగా ఊడి, కింద తుప్పు లేకుండా బూడిదరంగు లోహం కనిపిస్తుంది. అది జీఐ పైపు. దాని మీద జింక్ పూత ఉంటుంది, మామూలు ఎనామెల్‌లోని నూనెకి జింక్‌తో పొసగదు. దానికి ఈ మూడింట్లో ఏదీ కాకుండా, జీఐ కోసం తయారుచేసిన ప్రైమర్ అడిగి తెచ్చుకోవాలి. ఆ తర్వాతే ఎనామెల్. ఇక ఇక్కడి నుంచి చెప్పేదంతా మామూలు ఇనుము గురించే.

## ఈ మూడూ ఒకదానికి బదులు ఒకటి కావు

షాపులో "కన్వర్టర్ కొడితే చాలు, గీకక్కర్లేదు" అని ఒకరు, "రెడ్ ఆక్సైడ్ రెండు చేతులు వేస్తే తుప్పు రాదు" అని ఒకరు అంటారు. రెండూ నమ్మకండి. ఒక్కొక్కటి ఏం చేస్తుందో తెలిస్తే ఎక్కడ ఏది వాడాలో మీకే తెలుస్తుంది.

రస్ట్ కన్వర్టర్‌కి పని చేయాలంటే తుప్పు కావాలి. అందులో టానిక్ యాసిడో, ఫాస్ఫారిక్ యాసిడో, రెండూనో ఉంటాయి. చాలావాటిలో పూతగా గట్టిపడే పాలిమర్ కూడా కలిపి ఉంటుంది. టానిక్ యాసిడ్ తుప్పుతో కలిసి నల్లటి గట్టి పదార్థంగా మారుతుంది. పెడన, శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేది కూడా ఈ దారిలోనే. కరక్కాయ రసంలో ముంచి ఆరేసిన బట్ట మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ నానబెట్టి పులియబెట్టిన నీళ్లతో గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్న టానిన్ ఇనుముని పట్టుకుంటుంది. కన్వర్టర్ డబ్బాలో ఉన్నది దానికి దగ్గరి చుట్టమే.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. తుప్పు లేని మెరిసే ఇనుము మీద, పాత పెయింట్ మీద కన్వర్టర్ కొడితే దానికి కలవడానికి ఏమీ దొరకదు, తర్వాత పొరలా లేచిపోతుంది. రెండోది, తుప్పు మందంగా పొలుసులు కట్టి ఉంటే కన్వర్టర్ పైపొరనే మారుస్తుంది. నల్లగా అయింది కదా అని సంతోషపడతాం, అడుగున తుప్పు తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది.

రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌ది ఇంకో పని. ఇనుమును గట్టిగా పట్టుకుని, పైన వేసే ఎనామెల్‌కి పట్టు ఇవ్వడం. అందులోని ఎరుపు రంగు కూడా ఐరన్ ఆక్సైడే, అది తుప్పుని మార్చదు, ఆపదు. డబ్బా మీద జింక్ క్రోమేట్ అని కూడా ఉన్న రకం తుప్పుని కొంత అడ్డుకుంటుంది. దానికి ఐ.ఎస్. 2074 అనే భారతీయ ప్రమాణం ఉంది, డబ్బా మీద ఆ నంబరు ఉందేమో చూసుకోండి. తేమ ఎక్కువున్న ఊళ్లలో ఆ రకమే నయం. కానీ క్రోమేట్ ఊపిరితిత్తులకి మంచిది కాదు. దాన్ని గీకేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఏ రకమైనా ప్రైమర్ పూతలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, నీరు నెమ్మదిగా లోపలికి దిగుతుంది. అందుకే ప్రైమర్ వేసి వదిలేయకూడదు, వారం పది రోజుల్లో పైన ఎనామెల్ పడాలి.

ఎనామెల్ గొడుగు లాంటిది. నీళ్లనీ ఎండనీ పైనే ఆపుతుంది, కింద ఉన్న తప్పుని మాత్రం సరిచేయదు.

కాబట్టి "గేటుకి ఏది?" అని అడగకండి. "గీకాక ఈ చోట ఏం మిగిలింది?" అని అడగండి. మెరిసే ఇనుము మిగిలితే రెడ్ ఆక్సైడ్. ఎంత రుద్దినా పోని, గట్టిగా అంటుకున్న తుప్పు మిగిలితే కన్వర్టర్. పాత పెయింట్ గట్టిగా ఉంటే, మెరుపు పోయేలా రుద్ది నేరుగా ఎనామెల్. ఒకే గ్రిల్‌లో ఈ మూడు చోట్లూ ఉంటాయి. మా గ్రిల్స్ అన్నింటిలోనూ ఉన్నాయి.

## ఎప్పుడు మొదలుపెట్టాలి

కోస్తాలో సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరి నుంచి మార్చి వరకు మంచి రోజులు. వానల్లో ఎలాగూ కుదరదు. మేలో ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, బ్రష్ గీసిన చోటే పెయింట్ ఆరిపోయి గీతలు పడతాయి. శీతాకాలంలో మంచు దెబ్బ. పొద్దున్న ఇనుము చూడటానికి పొడిగా ఉన్నా, చెయ్యి వేస్తే చల్లగా తడి తగులుతుంది. తొమ్మిదిన్నర పదికి మొదలుపెట్టి, సాయంత్రం నాలుగు లోపల బ్రష్ కింద పెట్టేయండి. ఆరకముందే మంచు పడితే ఎనామెల్ మెరుపు పోయి పాలు పోసినట్టు తెల్లబారుతుంది.

## మొదటి పని కడగడం

సముద్రం దగ్గర ఇళ్లలో దీన్ని దాటేస్తే తర్వాత చేసేదంతా వృథా. గాలితో వచ్చిన ఉప్పు ఇనుము మీద పేరుకుని ఉంటుంది. కడగకుండా గీకితే ఆ ఉప్పుని తుప్పు గుంటల్లోకి మనమే నూరినట్టవుతుంది. ఉప్పు పెయింట్ కిందినుంచే తేమని లాక్కుంటుంది, కొన్ని నెలలకి పొక్కులు లేస్తాయి. మంచినీళ్లతో, కొంచెం బట్టల సబ్బు పొడి వేసి, పాత బ్రష్‌తో రుద్ది, రెండుసార్లు నీళ్లు కొట్టి, పూర్తిగా ఎండనివ్వండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి వాడకండి.

కడిగేటప్పుడే గేటు అడుగు భాగం చూసుకోండి. చతురస్రపు గొట్టాలతో చేసిన గేట్లు లోపలి నుంచి తుప్పు పడతాయి, బయట ఎన్ని చేతులు వేసినా ఆగదు. అడుగు గొట్టాన్ని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. టంగుమని మోగితే బాగుంది. మొద్దుగా మోగినా, మొన లోపలికి దిగినా ఆ ముక్క కోయించి కొత్తది వెల్డింగ్ చేయించాలి. మా గేటు ఎడమ రెక్కలో అడుగున్నర ముక్క అలా మార్చాల్సి వచ్చింది. వెల్డర్ ఉన్నప్పుడే అడుగున రెండుచోట్ల చిన్న బెజ్జాలు వేయించండి, లోపల చేరిన నీరు కారిపోతుంది. వెల్డింగ్ మీద మిగిలిన నల్లటి పెళుసు పెచ్చుని సుత్తితో కొట్టి తీసేయాలి. ప్రైమర్ దాని మీద నిలవదు.

## గీకడం, ఒక్క గ్రిల్ చొప్పున

ఆరు గ్రిల్స్ ఒకే రోజు గీకేసి, మర్నాడు ప్రైమర్ వేద్దామనుకోవద్దు. తేమ గాలిలో మెరిసే ఇనుము సాయంత్రానికే పసుపు పూసినట్టవుతుంది. అది కొత్త తుప్పు. పొద్దున్న ఎంత గీకుతారో మధ్యాహ్నానికి అంతకీ ప్రైమర్ పడాలి. ఇద్దరు కూర్చుంటే రోజుకి రెండు గ్రిల్స్ అవుతాయి.

ముందు గీకుడు రేకుతో లేచిన పెచ్చులన్నీ తీయండి. తర్వాత వైర్ బ్రష్. ఆ తర్వాత 80 నంబరు ఎమరీ కాగితం, చివర 120. పాత పెయింట్ గట్టిగా ఉన్న చోట దాని మెరుపు చావడమే కావాలి, ఇనుము దాకా పోనక్కర్లేదు. గీకిన చోటుకీ పాత పెయింట్‌కీ మధ్య గట్టు మిగలకుండా వాలుగా రుద్దండి. ఆ గట్టు మీదే కొత్త రంగు మొదట పగులుతుంది.

పాత పెయింట్ గట్టిగా ఉందో లేదో తెలియకపోతే ఒక పరీక్ష ఉంది. బ్లేడుతో ఇంటూ గుర్తులా రెండు గీతలు ఇనుము దాకా కోసి, దాని మీద టేపు అంటించి గట్టిగా నొక్కి ఒక్క లాగు లాగండి. టేపుకి పెయింట్ వచ్చేస్తే ఆ భాగమంతా గీకాల్సిందే.

పాత ఇళ్ల విషయంలో ఒక జాగ్రత్త. ఇళ్లకి వాడే పెయింట్‌లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధనలు వచ్చాయి, అమలు 2017 నవంబరు నుంచి. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. అలాంటిది గీకేటప్పుడు చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి ఆ పొడి మొత్తం ఎత్తి పారేయండి, చీపురుతో దుమ్ము లేపకండి.

## కన్వర్టర్ వేసే చోటు

గ్రిల్‌లో అడ్డపట్టీకి బెజ్జం కొట్టి అందులోంచి చువ్వ దూర్చిన చోటు ఉంటుంది చూడండి. చువ్వకీ బెజ్జం అంచుకీ మధ్య వెంట్రుకవాసి సందు. వైర్ బ్రష్ తీగ అందులోకి వెళ్లదు, నీరు మాత్రం వెళ్తుంది. మా గోడ మీది చారలన్నీ మొదలైంది అక్కడే. కన్వర్టర్ ఇలాంటి చోట్ల కోసమే. ఇంకా చువ్వ గోడలోకి దిగిన చోటు, గేటు బందుల వెనకాల, తుప్పు గుంటలు పడి ఎంత రుద్దినా అడుగున గోధుమరంగు మిగిలిపోయిన చోటు.

డబ్బాలోంచి కావలసినంత చిన్న ప్లాస్టిక్ గిన్నెలో పోసుకోండి. నేరుగా డబ్బాలో బ్రష్ ముంచితే తుప్పు అందులో కలిసి మందంతా చెడిపోతుంది. మిగిలింది కూడా తిరిగి డబ్బాలో పోయొద్దు. చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. కిటికీ గట్టు మీద కడప బండ గానీ పాలరాయి గానీ ఉంటే ప్లాస్టిక్ కప్పండి, ఆమ్లం చుక్క పడితే ఆ రాయి మీద మచ్చ పోదు.

పొద్దున్నే, నీడ ఉన్న వైపు, పాత టూత్ బ్రష్‌తో సందుల్లోకి నొక్కి అద్దండి. పల్చగా చాలు. పది నిమిషాలకి గోధుమరంగు ఊదాగా మారుతుంది, ఇరవై ముప్పై నిమిషాలకి నీలం కలిసిన నలుపు వస్తుంది. గోధుమరంగు మచ్చలు మిగిలితే అక్కడ ఇంకోసారి అద్దండి. ఎండలో కాలుతున్న ఇనుము మీద వేస్తే మారకముందే ఆరిపోతుంది. పక్కన మెరిసే ఇనుము మీద పడితే వెంటనే తడిబట్టతో తుడిచి ఆరబెట్టండి.

మర్నాడు తడివేలితో నల్లటి చోట రుద్ది చూడండి. వేలికి నలుపు అంటితే ఇంకా గట్టిపడలేదు, ఇంకో రోజు ఆగండి. గోకితే పొడిగా రాలితే కింద వదులు తుప్పు మిగిలిందని అర్థం. దాన్ని గీకేసి మళ్లీ వేయాలి. పాలిమర్ లేని, ఉత్త ఫాస్ఫారిక్ రకం అయితే మిగిలిన ఆమ్లాన్ని తడిబట్టతో తుడవమని డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ మాట వినండి. ఆమ్లం మిగిలితే ప్రైమర్ పొక్కులు లేస్తుంది.

## అదే రోజు రెడ్ ఆక్సైడ్

కన్వర్టర్‌కి ఒక రోజు కావాలి, మెరిసే ఇనుముకి అదే రోజు ప్రైమర్ కావాలి. ఒకే గ్రిల్ మీద ఈ రెండూ ఎలా కుదురుతాయి? పొద్దున్న సందుల్లో కన్వర్టర్ అద్దండి. మధ్యాహ్నం ఆ నల్లటి చోట్లు వదిలేసి, మిగతా మెరిసే ఇనుముకి రెడ్ ఆక్సైడ్ వేయండి. మర్నాడు కన్వర్టర్ గట్టిపడ్డాక దాని మీద కూడా ప్రైమర్ వేస్తూ, నిన్నటి అంచు మీదికి అంగుళం ఎక్కించండి.

వేసేముందు టర్పెంటైన్‌లో తడిపిన బట్టతో ఒకసారి తుడిస్తే నూనె, చేతి చెమట, పొడి పోతాయి. ప్రైమర్ డబ్బా అడుగున ముద్ద గట్టిగా కూర్చుని ఉంటుంది. కర్రతో అడుగు నుంచి ఐదు నిమిషాలు కలపండి. పైన తేలిన పల్చటిది మాత్రమే వేస్తే ఎర్ర నీళ్లు పూసినట్టే. కిరసనాయిలు కలిపి సాగదీసే అలవాటు కొందరికి ఉంది, అది పోయనివ్వకుండా ప్రైమర్‌ని మీ కళ్ల ముందే కలిపించండి.

చువ్వల పదును అంచుల దగ్గర ఏ పెయింట్ అయినా పక్కలకి జారి పల్చబడుతుంది. తుప్పు ముందు అక్కడే తల ఎత్తుతుంది. అందుకని అంగుళం బ్రష్‌తో ముందు అంచులకీ వెల్డింగ్ జాయింట్లకీ ఒక చెయ్యి గీసి, అది కొంచెం పీల్చుకున్నాక మొత్తానికి వేయండి. చువ్వ కింది వైపు, గోడ వైపు కంటికి కనిపించవు కాబట్టి పెయింటర్ చెయ్యి కూడా అటు వెళ్లదు. చిన్న అద్దం పట్టుకుని చూడండి. మా ఇంట్లో ఈసారి ఆ అద్దం పట్టుకుని వెనకాల నడిచింది మా అమ్మ. "ఇదిగో బాబూ, ఇక్కడ వదిలేశావు" అని ఆమె చూపించిన చోట్లు ఒక్క గ్రిల్‌లోనే తొమ్మిది.

చువ్వ గోడలోకి దిగిన చోట ప్రైమర్ ఆరాక, పెయింట్ పట్టే రకం సీలెంట్ సన్నగా పెట్టి వేలితో నున్నగా చేస్తే నీరు లోపలికి దిగదు.

## ఎనామెల్

రాత్రంతా ఆరిన ప్రైమర్‌ని 220 కాగితంతో తేలిగ్గా రుద్ది, తుడిచి, మొదటి చెయ్యి వేయండి. లీటరుకి 50 నుంచి 100 మిల్లీలీటర్ల టర్పెంటైన్ చాలు. రెండు పల్చటి చేతులే మేలు. ఒక్కటే మందంగా వేస్తే పైపొర ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ముడతలు పడుతుంది. చేతికీ చేతికీ మధ్య ఒక రోజు వదలండి. గోరుతో నొక్కితే గుర్తు పడుతుంటే ఇంకా ఆగాలి.

ఎంత కొనాలో మా లెక్క చెబుతాను. గేటు రెండు రెక్కలు, ఒక్కోటి ఐదడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు. కింద రేకు ఉంది కాబట్టి రెండు వైపులా కలిపి 100 చదరపు అడుగులు వేసుకున్నాను. గ్రిల్స్ నాలుగడుగులకి నాలుగడుగులు. చువ్వలు చుట్టూ కొలిస్తే ఒక్కోదానికి సుమారు 12 చదరపు అడుగుల ఇనుము వచ్చింది, ఆరింటికి 72. మొత్తం 170 దాకా. చువ్వల మీద బ్రష్‌తో వేసేటప్పుడు లీటరు ఎనామెల్ ఒక చెయ్యికి 100 చదరపు అడుగులకి సరిపోతుందనుకుంటే, రెండు చేతులకి మూడున్నర లీటర్లు. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి తెచ్చాం. రెడ్ ఆక్సైడ్ గీకిన చోట్లకే కాబట్టి ఒక లీటరు. కన్వర్టర్ అరలీటరు తెస్తే సగం పైగా మిగిలింది. గ్రిల్స్‌కి స్ప్రే వేయించొద్దు. చువ్వల మధ్య ఖాళీల్లోంచి సగం పెయింట్ గాలికి పోతుంది, సందుల్లోకి మాత్రం వెళ్లదు.

## వానలకి ముందు ఒక చూపు

ఏటా మే నెలాఖరులో మంచినీళ్లతో ఒకసారి కడిగి, మూడు చోట్లు చూడండి: గేటు అడుగు, బందుల వెనక, చువ్వ పట్టీలో దూరిన జాయింటు. గోధుమరంగు చుక్క కనిపిస్తే అక్కడి వరకే గీకి, పోనిదానికి కన్వర్టర్, మెరిసినదానికి రెడ్ ఆక్సైడ్, పైన రెండు చేతులు ఎనామెల్. అందుకోసం మిగిలిన ఎనామెల్‌ని ఖాళీ పెద్ద డబ్బాలో వదలకుండా, నిండేంత చిన్న గాజు సీసాలోకి మార్చి మూత బిగించి పెట్టుకోండి. పైన గాలి లేకపోతే మీగడ కట్టదు. మా సీసా మీద రంగు నంబరూ వేసిన తేదీ రాసిన కాగితం అంటించి ఉంది, పోయిన మేలో రెండు జాయింట్లకి అందులోంచే వాడాను.